రిఫండ్ కోసం గూగుల్‌లో నంబర్ వెతుకుతున్నారా? ఫేక్ కస్టమర్ కేర్‌ని కాల్‌లోనే ఇలా పట్టేయండి

1,899 రూపాయల ఇయర్‌బడ్స్ రిఫండ్ కోసం ఫోన్ చేస్తే 43,840 రూపాయలు పోయాయి. పోగొట్టుకున్నది మా చిన్నాయన. ఊరు కడప జిల్లా వేంపల్లె. ఫోన్ వాడటం తెలీని మనిషేం కాదు, కరెంటు బిల్లు నుంచి ఎరువుల అంగడి దాకా అన్నీ యూపీఐతోనే కడతాడు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని మా పిన్నమ్మకు ఆయనే చెప్పినాడు. ఆ రోజు కూడా ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. అయినా లెక్క పోయింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆ రోజు సెలవు మీద ఊర్లోనే ఉన్నా కాబట్టి తర్వాత ఆ కాల్ హిస్టరీ, యూపీఐ హిస్టరీ, బ్రౌజర్ హిస్టరీ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఎక్కడ ఆగి ఉంటే డబ్బు మిగిలేదో అందులో స్పష్టంగా కనిపించింది. ఈ ఆర్టికల్‌లో అదే స్టెప్ బై స్టెప్ చూద్దాం.

## అసలు ఏం జరిగింది?

చిన్నాయన ఒక షాపింగ్ యాప్‌లో క్యాష్ ఆన్ డెలివరీతో ఇయర్‌బడ్స్ ఆర్డర్ పెట్టినాడు. బాక్స్‌లో ఒక బడ్ మాత్రమే పని చేసింది. రిటర్న్ పెట్టినాడు, డెలివరీ అబ్బాయి వచ్చి పార్శిల్ తీసుకుపోయినాడు. క్యాష్ ఇచ్చి కొన్నాడు కాబట్టి, రిఫండ్ ఎక్కడ వేయాలో చెప్పమని యాప్ బ్యాంక్ అకౌంట్ వివరాలు అడిగింది. ఇచ్చినాడు. తొమ్మిది రోజులైనా డబ్బు రాలేదు. యాప్‌లో హెల్ప్ నొక్కితే ఇంగ్లీషులో చాట్ మాత్రమే వచ్చింది. దాంతో గూగుల్‌లో ఆ యాప్ పేరు, పక్కన `customer care number refund` అని కొట్టినాడు.

11:20కి, సెర్చ్‌లో దొరికిన ఒక పది అంకెల మొబైల్ నంబర్‌కి కాల్ చేసినాడు. ఒక రింగ్‌కే కట్ అయింది. రెండు నిమిషాల్లో వేరే నంబర్ నుంచి తిరిగి కాల్ వచ్చింది. అవతల మనిషి మంచి తెలుగులో, "సార్, మీ కాల్ మిస్ అయింది, మీ సమస్య చెప్పండి" అన్నాడు. చిన్నాయన ఏం కొన్నాడో, ఎంత కట్టాడో, ఎప్పుడు రిటర్న్ చేశాడో అంతా చెప్పేశాడు. వాడు అదే సమాచారాన్ని నిమిషం ఆగి తిరిగి చదివాడు: "అవును సార్, 1,899 రూపాయల ఇయర్‌బడ్స్, రిఫండ్ పెండింగ్‌లో ఉంది, నా స్క్రీన్ మీద కనపడతాంది." చిన్నాయనకు నమ్మకం కుదిరింది అక్కడే. తను ఇచ్చిన వివరమే తనకు తిరిగి వచ్చిందని ఆ క్షణంలో తట్టలేదు.

తర్వాత ఒక స్క్రీన్ షేరింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేయమన్నాడు. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయి ఉండటంతో అది ఎక్కలేదు. వాడు విసుక్కోలేదు. "పర్లేదు సార్, నేను చెప్పినట్టు మీరే చేయండి" అని యూపీఐ యాప్ ఓపెన్ చేయించాడు. "రిఫండ్ డిపార్ట్‌మెంట్ నంబర్" అని ఒక నంబర్ ఇచ్చి కొట్టించాడు. ఒక ఖాళీ గడి వచ్చింది. "అందులో మీ రిఫండ్ కోడ్ వేయండి సార్, ఒకటి, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, సున్నా." ఆ ఖాళీ గడి అమౌంట్ గడి. వాడు పద్దెనిమిది వేల తొమ్మిది వందల తొంభై అనలేదు, అంకెలు విడివిడిగా చెప్పాడు. 1,899కి దగ్గరగా వినపడటంతో చిన్నాయనకు అది నిజంగా కోడ్ లాగే అనిపించింది. "ఇప్పుడు వెరిఫికేషన్ కోసం మీ పిన్ వేయండి, నాకు మాత్రం చెప్పొద్దు సార్, అది సీక్రెట్" అన్నాడు. ఈ ఒక్క మాటతో మిగిలిన అనుమానం కూడా పోయింది.

11:45కి 18,990 కట్ అయింది. చిన్నాయన గట్టిగా అడిగితే, "అయ్యో, సర్వర్ ప్రాబ్లమ్ సార్, రివర్స్ చేస్తా, ఇంకో కోడ్ వేస్తే రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అన్నాడు. 11:52కి 24,850 పోయింది. మూడో కోడ్ చెప్పేసరికి అకౌంట్‌లో అంత బ్యాలెన్స్ లేదు. అప్పుడు కాల్ కట్ చేసి నా దగ్గరికి వచ్చినాడు. "అబ్బీ, నా లెక్క పోయిందిరా. వాడు పిన్ కూడా చెప్పొద్దన్యాడు కదా, దొంగ అయితే ఎందుకంటాడు?"

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ స్కామ్ మొత్తం అర్థమైనట్టే. వాడికి పిన్ అవసరం లేదు. పిన్ వేసే చెయ్యి మనదైతే చాలు.

## ఆ నంబర్ గూగుల్‌లోకి ఎట్లా వచ్చింది?

చాలామంది "గూగుల్‌లో పైన వచ్చింది కాబట్టి నిజమే" అనుకుంటారు. సెర్చ్ ఇంజిన్ పేజీలో ఉన్న మాటలను చూస్తుంది. ఆ నంబర్ ఎవరిదో ఫోన్ చేసి కనుక్కోదు. పైగా చాలా షాపింగ్ యాప్‌లు కస్టమర్ కేర్ నంబర్‌ని ముందుకు పెట్టవు. యాప్‌లోనే చాట్ చేయమంటాయి, లేదా "కాల్ మీ" నొక్కితే వాళ్లే ఫోన్ చేస్తారు. జనం మాత్రం నంబర్ కోసమే వెతుకుతారు. ఆ ఖాళీ జాగాలో స్కామర్లు కూర్చుంటారు.

కంపెనీ పేరు, "కస్టమర్ కేర్", "రిఫండ్", "టోల్ ఫ్రీ" లాంటి మాటలు పదేపదే రాసిన పేజీలు, పీడీఎఫ్‌లు, సోషల్ మీడియా పోస్టులు వందల కొద్దీ పెడతారు. మ్యాప్స్‌లో ఒక చోటుకు సంబంధించిన ఫోన్ నంబర్‌ని యూజర్లు కూడా మార్చమని సూచించొచ్చు కదా, దాన్నీ వాడుకున్నారు. 2018లో మహారాష్ట్రలో బ్యాంక్ బ్రాంచ్‌ల లిస్టింగ్‌లో నంబర్లు ఇలా మార్చేసి, ఫోన్ చేసిన కస్టమర్ల దగ్గర వివరాలు లాగిన కేసులు బయటపడ్డాయి.

వెబ్ డెవలప్‌మెంట్ తెలిసినవాళ్లకు ఇంకో ట్రిక్ ఆసక్తిగా ఉంటుంది. చాలా అసలు వెబ్‌సైట్లలో మనం వెతికిన మాట రిజల్ట్స్ పేజీ పైన కనిపిస్తుంది. ఆ మాట లింక్‌లోనే ఉంటుంది. కాబట్టి లింక్‌ని ఇలా తయారుచేస్తారు:

```
https://www.example.com/search?q=Refund+helpline+98XXXXXX10
```

ఇది నొక్కితే డొమైన్ అసలుదే, తాళం గుర్తు కూడా ఉంటుంది. పేజీలో మాత్రం "Refund helpline 98XXXXXX10" అని కనిపిస్తుంది. సైట్ హ్యాక్ కాలేదు, సెర్చ్ బాక్స్‌లో వేసిన మాటనే అది తిరిగి చూపిస్తోంది. ఇలాంటి లింక్‌లను యాడ్స్‌గా పెట్టి, పెద్ద కంపెనీల అసలు సైట్లలోనే ఫేక్ నంబర్ చూపించిన ఘటనలను 2025లో సెక్యూరిటీ రీసెర్చర్లు బయటపెట్టారు. అందుకే "యూఆర్ఎల్ చెక్ చేయండి" అనే పాత సలహా ఒక్కటే సరిపోదు. అడ్రస్ బార్‌లో ప్రశ్న గుర్తు తర్వాత నంబర్ ఉందంటే ఆ పేజీ నుంచి బయటికి రండి.

ఎక్స్‌లో కంపెనీని ట్యాగ్ చేసి ఆర్డర్ నంబర్, ఫోన్ నంబర్‌తో కంప్లైంట్ పెట్టినా ఇదే కథ. కంపెనీ లోగో పెట్టుకున్న హ్యాండిల్ ఏదో ఒకటి ముందే రిప్లై ఇస్తుంది. అక్కడైతే మీరు కాల్ చేయాల్సిన పని కూడా లేదు, మీ నంబర్ మీరే ఇచ్చేశారు.

## రిఫండ్ అసలు ఎలా వస్తుంది?

నకిలీని పట్టాలంటే అసలు ఎలా ఉంటుందో తెలియాలి. ప్రీపెయిడ్ ఆర్డర్ అయితే డబ్బు సాధారణంగా వచ్చిన దారిలోనే వెనక్కి పోతుంది. కార్డుతో కట్టారా, కార్డుకే. యూపీఐతో కట్టారా, ఆ అకౌంట్‌కే. పాత ట్రాన్సాక్షన్ వివరాలన్నీ కంపెనీ దగ్గర ఉంటాయి కాబట్టి మీరు కొత్తగా ఇవ్వాల్సిందేమీ లేదు.

క్యాష్ ఆన్ డెలివరీలో మాత్రం వెనక్కి పోయే దారి లేదు. డెలివరీ అబ్బాయి చేతికి నోట్లు ఇచ్చాం కదా. అందుకే కంపెనీ నిజంగానే బ్యాంక్ అకౌంట్ లేదా యూపీఐ ఐడీ అడుగుతుంది. మన ఊళ్లలో క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువ కాబట్టి స్కామర్‌కు ఇది బాగా కలిసొస్తుంది. "రిఫండ్ కోసం వివరాలు కావాలి" అంటే వినడానికి అబద్ధంలా ఉండదు. తేడా ఎక్కడంటే, అసలు కంపెనీ ఆ వివరాలు యాప్‌లో ఆ ఆర్డర్ పేజీలోనే తీసుకుంటుంది. అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ, పేరు, లేదా యూపీఐ ఐడీ. అక్కడితో మీ పని అయిపోయింది.

మీ ఫోన్‌లో యూపీఐ యాప్ తెరవాల్సిన అవసరం రిఫండ్‌లో ఏ స్టెప్‌లోనూ రాదు. యూపీఐ పిన్ అనేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూడటానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేయడం కూడా అంతే, స్కాన్ చేసేది కట్టేవాడు.

"డబ్బు అడిగే రిక్వెస్ట్ వస్తుంది, దాన్ని అప్రూవ్ చేయొద్దు" అని మీరు పాత వీడియోల్లో చూసి ఉంటారు. మనిషి నుంచి మనిషికి పంపే ఆ కలెక్ట్ రిక్వెస్ట్‌లను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. కానీ చూడండి, చిన్నాయన కేసులో రిక్వెస్టే లేదు. ఆయన తనే నంబర్ కొట్టి, తనే అమౌంట్ వేసి, తనే పిన్ వేశాడు. కాబట్టి ఒక దారి మూసుకుపోయిందని ధైర్యంగా ఉండటానికి లేదు. పిన్ పేజీలో పైన ఎవరికి, ఎంత అని కనిపిస్తుంది. అంకెలు వేసే ముందు ఆ ఒక్క లైన్ చదవండి.

ఇంకో రకం కూడా ఉంది. "పొరపాటున 1,899 బదులు 18,990 వేశాం సార్, మిగతాది తిరిగి పంపండి" అంటారు. ఆ వెంటనే డబ్బు పడినట్టు ఎస్ఎంఎస్ వస్తుంది. బ్యాంక్ ఎస్ఎంఎస్ పది అంకెల నంబర్ నుంచి రాదు, అక్షరాల హెడర్‌తో వస్తుంది. అయినా ఎస్ఎంఎస్‌తో పని లేదు, మీ బ్యాంక్ యాప్‌లో బ్యాలెన్స్ చూసుకోండి. అక్కడ పెరగకపోతే డబ్బు రానట్టే.

## స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కి ఉంటే?

చిన్నాయన ఫోన్ స్టోరేజ్ నిండి ఉండటం ఒక రకంగా అదృష్టం. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి దొంగ యాప్‌లు కావు, ఆఫీసుల్లో మేమూ వాడతాం. యాప్‌లో కనిపించే కోడ్‌ని అవతలివాడికి చెప్పి, పర్మిషన్ ఇచ్చామంటే మన స్క్రీన్ వాడికి కనిపిస్తుంది. ఈ పద్ధతి మోసాల గురించి ఆర్‌బీఐ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది.

చాలా పేమెంట్ యాప్‌లు పిన్ పేజీని షేరింగ్‌లో నల్లగా చూపిస్తాయి. కానీ పైనుంచి జారే ఓటీపీ నోటిఫికేషన్ మాత్రం కనిపించేది. ఆండ్రాయిడ్ 15 నుంచి స్క్రీన్ షేరింగ్ నడుస్తున్నప్పుడు అలాంటి నోటిఫికేషన్లలోని విషయాన్ని సిస్టమ్ దాచిపెడుతుంది. పాత వెర్షన్ ఫోన్ అయితే ఆ రక్షణ లేదు. చిన్నాయన "ఎవరికీ ఓటీపీ చెప్పలేదు" అన్నాడు కదా, ఆ యాప్ ఎక్కి ఉంటే చెప్పకుండానే వాడికి తెలిసేది.

ఇంతకంటే ప్రమాదం వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్. పేరు "కస్టమర్ సపోర్ట్" అనో "రిఫండ్ ఫామ్" అనో ఉంటుంది. ఇన్‌స్టాల్ అవ్వగానే ఎస్ఎంఎస్ పర్మిషన్, యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది. మొదటిది ఇస్తే మీ మెసేజ్‌లు చదివి వేరే నంబర్‌కు పంపగలదు. రెండోది ఇస్తే మీ బదులు స్క్రీన్ మీద నొక్కగలదు. రిఫండ్ ఫామ్‌కి ఈ రెండూ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు లేదు కాబట్టి అక్కడే ఆగిపోండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే ముందు ఏరోప్లేన్ మోడ్, వైఫై ఆఫ్. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి పోయి దాన్ని ఆఫ్ చేసి, డివైస్ అడ్మిన్ లిస్టులో ఉంటే అక్కడా తీసేసి, అప్పుడు అన్ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డ్‌లు, పిన్ మార్చడం వేరే ఫోన్ నుంచి చేయండి.

## మరి అసలు కంపెనీని ఎలా పట్టుకోవాలి?

యాప్ ఓపెన్ చేసి, మై ఆర్డర్స్‌లోకి పోయి, ఆ ఆర్డర్ మీదే నొక్కి, హెల్ప్ లోకి వెళ్లండి. అక్కడ దొరికే చాట్, కాల్ బ్యాక్, నంబర్ మాత్రమే నమ్మండి. మీరు లాగిన్ అయి ఉన్నారు కాబట్టి అసలు ఉద్యోగికి మీ ఆర్డర్ ముందే కనిపిస్తుంది. ఇదే మంచి టెస్ట్ కూడా. ఎవరైనా కాల్ చేస్తే మీరు ఏమీ చెప్పకుండా, "నా ఆర్డర్ ఏంటో మీరే చెప్పండి" అనండి. తెలీదంటే కట్ చేయండి. అయితే ఆర్డర్ వివరాలు లీక్ అవ్వొచ్చు, పార్శిల్ మీది లేబుల్ చూసి కూడా చెప్పొచ్చు. అందుకే సరిగ్గా చెప్పినా సరే, యూపీఐ యాప్ తెరవమన్న క్షణంలో ఆ టెస్ట్ రద్దు.

"రిఫండ్ వేసేశాం" అని కంపెనీ అంటే రిఫరెన్స్ నంబర్ అడగండి. యూపీఐ అయితే 12 అంకెల ఆర్ఆర్ఎన్, కార్డు అయితే 23 అంకెల ఏఆర్ఎన్. దాన్ని మీ బ్యాంక్‌లో చూపిస్తే డబ్బు ఎక్కడ ఆగిందో వెతుకుతారు. నంబర్ ఇవ్వలేకపోతే రిఫండ్ ఇంకా బయల్దేరలేదని అర్థం.

హెల్ప్‌లో పని కాకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉంటారు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం వాళ్ల పేరు, కాంటాక్ట్ వివరాలు సైట్‌లో పెట్టాల్సిందే. కంప్లైంట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ దారి నెమ్మదిగా సాగుతుంది, నిజమే. కానీ ఇందులో మీరు కొత్తగా పోగొట్టుకునేది ఏమీ ఉండదు.

## డబ్బు పోయిందా? గడియారం చూడండి

చిన్నాయన నా దగ్గరికి వచ్చేసరికి 12:10. ఆయన తిరిగి ఆ నంబర్‌కే కాల్ చేసి వాడిని తిట్టాలన్నాడు. ఆ పది నిమిషాలు వాడికే లాభం. మేం ముందు 1930కి చేశాం. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. బ్యాంక్ పేరు, ఎప్పుడు పోయింది, ఎంత పోయింది, ట్రాన్సాక్షన్ ఐడీ అడిగారు. ట్రాన్సాక్షన్ ఐడీ యూపీఐ హిస్టరీలో ఉంటుంది, కాల్ చేసే ముందే కాగితం మీద రాసుకోండి. లైన్ దొరకకపోతే cybercrime.gov.in లో నేరుగా కంప్లైంట్ పెట్టొచ్చు.

ఇది పని చేసే పద్ధతి తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. మీ కంప్లైంట్ మీ బ్యాంక్‌కు, అక్కడి నుంచి డబ్బు చేరిన బ్యాంక్‌కు పోతుంది. డబ్బు ఇంకా ఆ అకౌంట్‌లో ఉంటే హోల్డ్ చేస్తారు. ముందుకు పోయి ఉంటే తర్వాతి బ్యాంక్‌ను వెంబడిస్తారు. ఏటీఎంలో నోట్లుగా మారిపోతే హోల్డ్ చేయడానికి ఏమీ మిగలదు. మా కేసులో మొదటి 18,990 అప్పటికే పోయింది. రెండోదాంట్లో 16,200 మాత్రం హోల్డ్‌లో పడింది. హోల్డ్ అయిన డబ్బు మరుసటి రోజే చేతికి రాదు, అధికారిక ప్రక్రియ తర్వాతే వస్తుంది.

అదే గంటలో బ్యాంక్‌కు కూడా చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, కస్టమర్ నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బు బ్యాంక్‌కు చెప్పేదాకా కస్టమర్ మీదే పడుతుంది. చెప్పిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంక్ భరించాలి. చిన్నాయన తన చేత్తోనే పిన్ వేశాడు కాబట్టి మొదటి రెండింటికీ బ్యాంక్‌ను అడగడం కష్టం. ఆ తర్వాత ఇంకేమీ పోకుండా ఆపుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. "పోయిన డబ్బు రికవర్ చేసిస్తాం, ఫీజు కట్టండి" అని వారం తర్వాత ఇంకెవరో ఫోన్ చేస్తారు. 1930కి గానీ పోర్టల్‌కి గానీ ఫీజు లేదు. ఆ కాల్ కూడా పాత ముఠాదే అనుకోండి.

చివరగా, ఆ 1,899 సంగతి. మూడింటికి అన్నీ అయ్యాక నేను యాప్‌లో ఆ ఆర్డర్ పేజీ తెరిచాను. కింద చిన్న అక్షరాల్లో `Refund failed. Update bank details` అని ఉంది. చిన్నాయన అకౌంట్ నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టినాడు, డబ్బు వెనక్కి పోయింది. పాస్‌బుక్ ముందు పెట్టుకుని అంకె సరిచేశాం. మూడో రోజు 1,899 పడింది. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఏ పిన్నూ వేయలేదు.

మీ ఇంట్లో ఎవరిదైనా రిఫండ్ పెండింగ్‌లో ఉంటే ఈ రోజే వాళ్ల ఫోన్‌లో ఆ ఆర్డర్ పేజీ మీరే ఒకసారి తెరిచి చూడండి. వాళ్లు గూగుల్‌లో నంబర్ వెతకడానికి ముందే.